చేప వంటకానికి 22 సెకన్ల టీజర్ స్క్రిప్ట్: నోరూరాలి సరే, మా దగ్గరికే ఎందుకు రావాలి?

నిప్పుకణిక
నమస్కారం అందరికీ. మాది చిన్న రెస్టారెంట్, పన్నెండు టేబుళ్ళు. బొగ్గుల మీద కాల్చిన చేప మా ప్రత్యేకత. దానికి ఫోన్‌లో చూసే నిలువు వీడియో ఒకటి, ఇరవై సెకన్లకి అటూ ఇటూగా చేయించాలనుకుంటున్నాం. వెనక గొంతు నాదే. నేను రాసుకున్నది ఇది:

"నోరూరించే రుచి, అద్భుతమైన సువాసన! సముద్రపు తాజా చేపలు, ప్రత్యేకమైన మసాలాలు, ఆహ్లాదకరమైన వాతావరణం. కుటుంబ సమేతంగా రండి. పార్కింగ్ సౌకర్యం కలదు. వారాంతంలో డెజర్ట్ ఉచితం. ఒక్కసారి తింటే మళ్ళీ మళ్ళీ వస్తారు!"

చదివితే బాగానే ఉంది. కానీ మా బావకి (భాగస్వామి కూడా ఆయనే) వినిపిస్తే, "ఇది ఏ హోటల్‌కైనా సరిపోతుంది కదా" అన్నాడు. అప్పటి నుంచి నాకూ అలాగే అనిపిస్తోంది. ఏం మార్చాలో చెప్పండి.

తెరచాటు
అన్నా, అసలు పొరపాటు ఎక్కడుందంటే, టీజర్ అని చెప్పి అన్నీ చెప్పేశారు. టీజర్ అంటే సస్పెన్స్ ఉండాలి. వంటకం చూపించకండి. నల్ల తెర, బొగ్గుల మంట, ఒక చెయ్యి, చివర్లో "త్వరలో" అని వేయండి. జనం తలలు పట్టుకుంటారు ఏంటా అని.

మాటల_మూట
తెరచాటు గారూ, సినిమాకైతే సరే, జనానికి హీరో ముందే తెలుసు, వచ్చే తేదీ కోసం ఎదురుచూస్తారు. పన్నెండు టేబుళ్ళ రెస్టారెంట్ ఏం దాచిందో కనుక్కుందామని ఎవరూ కూర్చోరు, వేలితో పైకి తోసేస్తారు. అయితే మొదటి మూడు నాలుగు సెకన్లు చేప మొత్తం చూపించకుండా దగ్గరగా ఒక ముక్కే చూపించడం మంచి ఆలోచన. అంతవరకు మీ మాట వాడుకుందాం.

నిప్పుకణిక గారూ, మీ స్క్రిప్ట్‌ని పలికే అక్షరాల లెక్కన చూశాను. 84 వచ్చాయి. తెలుగులో తీరిగ్గా, వినేవాళ్ళకి అందేలా చెప్పాలంటే సెకనుకి అయిదు అక్షరాలు పెట్టుకోవచ్చు. అంటే మీ గొంతుకే పదిహేడు సెకన్లు పోయాయి. ఇక చేప చప్పుడు చేసుకోవడానికి మిగిలింది మూడు సెకన్లు. మాటలు లెక్కపెడితే ఇది తెలియదు, మన మాటలు మరీ పొడుగు. "ఆహ్లాదకరమైన" ఒక్కటే ఏడు అక్షరాలు తినేసింది, దాంతో కంటికి ఏమీ కనపడలేదు, చెవికి ఏమీ వినపడలేదు.

రెండోది, మీరు రమ్మనడానికి అయిదు కారణాలు చెప్పారు. తాజా చేప, మసాలా, వాతావరణం, పార్కింగ్, ఉచిత డెజర్ట్. చూసినవాడు వాటిలో ఒక్కటి కూడా గుర్తుపెట్టుకోడు.

మందు రాసే ముందు ఒకటి అడుగుతాను. ఆ చేప బొగ్గుల దగ్గర్నుంచి టేబుల్ దాకా ఎలా వస్తుందో వరసగా, పొగడ్తలు లేకుండా చెప్పండి. ప్రకటన కోసం కాదు, కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పుతున్నట్టు.

చప్పుడు_సాంబయ్య
నాకైతే ఇంత ఆలోచన అక్కర్లేదనిపిస్తోంది. ఇనప పళ్ళెం మీద నిమ్మరసం పోస్తే చుయ్‌మంటుంది చూడండి, అదొక్కటే పెట్టండి. మాటలే వద్దు. ఆ చప్పుడికి పడని మనిషి ఉండడు. వంటకం అమ్మక్కర్లేదు, చుయ్ అమ్మితే చాలు.

మాటల_మూట
సగం ఒప్పుకుంటాను. ఆ చప్పుడికి ఆకలి పుడుతుంది. పుట్టాక ఏం చేస్తారు? దగ్గర్లో ఏది తెరిచి ఉంటే అక్కడికి వెళ్తారు, లేదా ఫోన్‌లోనే ఇంకెక్కడి నుంచో తెప్పించుకుంటారు. ఖర్చు నిప్పుకణిక గారిది, బేరం పక్కవాళ్ళది. ఇనప పళ్ళెం ఎవరి దగ్గరైనా ఉంటుంది, అందరిదీ చుయ్‌మనే అంటుంది.

నిప్పుకణిక
మాటల_మూట గారు అడిగినట్టే రాస్తున్నా. చేపని బాగుచేశాక ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో నలభై నిమిషాలు ఉంచుతాం. తీశాక గుడ్డతో పూర్తిగా తుడుస్తాం, చుక్క తడి ఉండకూడదు. నూనె పలచగా పూసి, బాగా కాలిన జాలీ మీద పెడతాం. పెట్టాక కదిలించం. కాలితే అదే జాలీని వదిలేస్తుంది, ముందే లాగితే పైతోలు జాలీకే అంటుకుపోతుంది. తిరగేసినప్పుడు తోలు బుడగలు బుడగలుగా ఉబ్బి, అంచుల్లో నల్లబడి ఉంటుంది. ఇనప పళ్ళెంలో అడుగున వెన్న వేసి, పైన చేప పెడతాం. నిమ్మరసం చేప మీద కాదు, పళ్ళెం అంచున పిండుతాం. పైన పిండితే తోలు మెత్తబడిపోతుంది. వెయిటర్ టేబుల్ మీద పెట్టి, చెంచాతో తోలు మీద ఒకసారి తట్టి చూపిస్తాడు. టక్‌మంటుంది. అదొక అలవాటు, మా మొదటి వంటమాస్టర్ పెట్టాడు. చేప సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి.

మాటల_మూట
ఇంతసేపూ ఇది దాచి "అద్భుతమైన సువాసన" అని రాశారా!

మీ స్క్రిప్ట్ ఆ టక్‌లో ఉంది. చుయ్‌మన్నది పళ్ళెం, టక్‌మన్నది మీ చేప. తడి తుడిచి, ఓపికపట్టి, నిమ్మరసం పైన పడకుండా చూసుకుంటేనే వచ్చే చప్పుడు అది. పైన తడి ఉన్నంతసేపూ నీళ్ళు మరిగే 100 డిగ్రీలు దాటి ఆ తోలు వేడెక్కదు. ఎర్రగా మారి ఆ కాలిన కమ్మదనం రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. మీరు గుడ్డతో తుడుస్తున్నది అందుకే.

ఇప్పుడు ఒక పని చేయండి. రెండు చేపలు కాల్చండి. ఒకటి పళ్ళెంలో పెట్టండి, ఒకటి పార్సిల్ డబ్బాలో పెట్టి మూత వేయండి. నిమిషానికోసారి చెంచాతో తట్టండి. ఏది ఎప్పుడు మూగబోతుందో రాసుకోండి.

గరిటె_తిరగేసి
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఇదే తరహాలో మా సూప్‌కి వీడియో చేశాం పోయినేడు. "సలసల కాగే సూప్" అని, గిన్నెలో బుడగలు తేలుతుండగా చూపించాం. జనం వచ్చారు, నిజంగానే వచ్చారు. కానీ మేం వడ్డించేది వేడిగానే గాని సలసల కాగుతూ కాదు, కాగుతూ ఇస్తే నోరు కాలుతుంది కదా. మొదటి వారంలోనే ముగ్గురు "వీడియోలో ఉన్నట్టు లేదు" అని మొహం మీదే అన్నారు. సూప్ రుచి గురించి ఎవరూ మాట్లాడలేదు. బుడగలు ఏవండీ అని అడిగారు. ఆ వీడియో తీసేశాం.

కాబట్టి నిప్పుకణిక గారూ, ఆదివారం రాత్రి టేబుళ్ళన్నీ నిండినప్పుడు కూడా ఆ టక్ వస్తుందా? అది చూసుకుని రాయండి.

నిప్పుకణిక
తట్టి చూశాం. నిన్న మధ్యాహ్నం ఖాళీ టైంలో బావ, నేను, వంటమాస్టర్ ముగ్గురం చెవులు పెట్టి కూర్చున్నాం. పళ్ళెంలోది తొమ్మిదో నిమిషం దాకా టక్‌మంది, తర్వాత సద్దు తగ్గింది. డబ్బాలోది నాలుగో నిమిషానికే మూగబోయింది. మూత తీస్తే లోపలంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు. రుచి చెడలేదు, కానీ తోలు తడిసిన కాగితంలా ఉంది.

గరిటె_తిరగేసి గారు అడిగింది నిజం. రద్దీలో ఒక్కోసారి చేపలు ముందే కాల్చి మూత కింద పెడుతున్నాం. అవి టక్‌మనవు. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

మాటల_మూట
సిగ్గెందుకు, ఇప్పుడే తెలిసింది కాబట్టి మంచిదే. మూత ఏ రూపంలో ఉన్నా పని అదే: లోపలి ఆవిరి బయటికి పోయే దారి లేక, మూతకి తగిలి నీళ్ళై తోలు మీదే పడుతుంది. రద్దీలో మూత తీసి జాలీ మీదే పక్కకి జరిపి ఉంచండి, లేదా కాసేపు ఆగమని చెప్పండి.

మీ కారణం మీరే కొలిచి తెచ్చారు. ఈ చప్పుడు డబ్బాలో నాలుగు నిమిషాలే ఉంటుంది. నాలుగు నిమిషాల్లో ఎవరింటికీ చేరదు. అంటే ఇది తినాలంటే మీ టేబుల్ దగ్గరికి రావాల్సిందే. ఇంకో కారణం అక్కర్లేదు. పార్కింగ్, డెజర్ట్, కుటుంబ సమేతం మూడూ తీసేయండి. నా దృష్టిలో టీజర్‌లో వినిపించే చప్పుడూ, రమ్మనే కారణమూ ఒక్కటే అయి ఉండాలి. చప్పుడు ఒక చోట, కారణం ఒక చోట ఉంటే రెండు ప్రకటనలు అతికించినట్టు ఉంటుంది.

ఇది నా చిత్తు ప్రతి, మొత్తం 22 సెకన్లు.

నాలుగు సెకన్లు: బొగ్గుల మీద చేప తోలు, బాగా దగ్గరగా. చిటపట చప్పుడు తప్ప ఏమీ లేదు.
గొంతు: "నిప్పుల మీద చేప. పైతోలు ఉబ్బింది, పెళుసెక్కింది."
నాలుగు సెకన్లు: పళ్ళెంలో చేప, చెంచా మూడుసార్లు తడుతుంది. గొంతు లేదు.
గొంతు: "లోపల కండ తెల్లగా, తడిగా, పొరలు పొరలుగా విడిపోతుంది."
గొంతు: "ఈ చప్పుడు డబ్బాలో నాలుగు నిమిషాలే ఉంటుంది. అందుకే పార్సిల్ ఇవ్వం. వచ్చి తినండి."

గొంతు మొత్తం 70 అక్షరాలు, సరిగ్గా పద్నాలుగు సెకన్లు. మిగతా ఎనిమిది చేపవి.

పదం_పిచ్చి
బాగుంది గానీ "తోలు" దగ్గర నాకు ఆగిపోయింది. తోలు అంటే చెప్పులు, బెల్టు గుర్తొస్తాయి. "చర్మం" అంటే డాక్టర్ దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. "స్కిన్" అంటే సబ్బు ప్రకటన. వంటింట్లో మనమే తోలు అంటాం నిజమే, కానీ వండేవాళ్ళ మాట వేరు, తినడానికి పిలిచే మాట వేరు. "పైపొర" అనండి, తెర మీద చేప కనపడుతూనే ఉంది కదా, దేని పొరో అందరికీ తెలుస్తుంది.

ఇంకోటి, "కరకరలాడే" వాడనందుకు సంతోషం. కరకర అంటే నమిలే చప్పుడు. పలచగా ఉండి విరిగేదానికి పెళుసే సరైన మాట. మన భాషలో చప్పుళ్ళకి ఇన్ని మాటలున్నాయి, చిటపట, సలసల, కుతకుత, బుసబుస, ఏదీ ఇంకోదానికి బదులు రాదు. కుతకుత ఉడికేది సలసల కాగదు. తప్పు మాట పడితే వినేవాడికి ఎక్కడ తప్పో తెలియదు, కానీ నమ్మడు.

మాటల_మూట
పైపొర ఖాయం. అక్షరాల లెక్క కూడా మారలేదు, అదే 70.

చప్పుడు_సాంబయ్య
సరే నా చుయ్ ఓడిపోయింది. కానీ ఆ టక్ ఫోన్‌లో వినపడుతుందా? ఎందుకంటే నేను చూసిన వంట వీడియోల్లో అన్నిట్లో పాట తప్ప ఏమీ వినపడదు. ఎండిన ఆకుని నలిపో, చిప్స్ విరిచో ఆ చప్పుడు అతికించేస్తే పోలా? సినిమాల్లో చేసేది అదే.

కత్తెర_బల్ల
నేను వీడియోలు కోసేవాణ్ణి, ఇది నా పని కాబట్టి చెబుతాను. వినపడుతుంది, కానీ పాట పెడితే వినపడదు. పెళుసుదనం తెలిసేది చప్పుడులోని సన్నటి పై భాగంలో. 2004లో చార్లెస్ స్పెన్స్, మాసిమిలియానో జాంపినీ అనే పరిశోధకులు చిప్స్ కొరుకుతున్నవాళ్ళకి వాళ్ళ సొంత కొరుకుడు చప్పుడే హెడ్‌ఫోన్లలో వినిపించారు. మొత్తం చప్పుడు పెంచినా, ఆ సన్నటి భాగం ఒక్కటే పెంచినా, అవే చిప్స్ ఇంకా పెళుసుగా, తాజాగా ఉన్నాయన్నారు. దానికి 2008లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. నవ్వులాటగా ఇచ్చేదే, కానీ నా పనికి అక్కరకొచ్చింది.

ఇక మీ వంటింట్లో శత్రువు పొగ లాగే ఫ్యాన్. దాని హోరు మొత్తం మింగేస్తుంది. అది పోవాలని యాప్‌లో "నాయిస్ తగ్గించు" నొక్కుతారు. ఆ మీట చిటపటని కూడా నాయిసే అనుకుని తుడిచేస్తుంది, చేప దూది మీద కాలుతున్నట్టు ఉంటుంది. కాబట్టి చెంచా తట్టే షాట్ హాల్లో తీయండి, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపి. ఫోన్‌ని చేపకి జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టండి. నేరుగా పైన పెడితే ఆవిరి లెన్స్ మీదకి వస్తుంది. చెంచా వెనక వైపుతో, బరువు వేయకుండా తట్టండి.

చిప్స్ అతికించడం గురించి: చేయొచ్చు, మేం చేస్తూనే ఉంటాం. తప్పు కూడా అనుకోను.

గరిటె_తిరగేసి
నేను అనుకుంటాను. మీకు వీడియో అయిపోగానే పని అయిపోతుంది. మర్నాడు చెంచా పుచ్చుకుని తట్టేది ఆయన కస్టమర్. చిప్స్ చప్పుడు విని వచ్చినవాడికి చేప చప్పుడు చిన్నగానే ఉంటుంది. నాకు బుడగలతో అయిన అనుభవం చాలు.

కత్తెర_బల్ల
దూరంగా తీసిన చప్పుడు బలహీనంగా వస్తుంది, దాన్ని నిజంగా చెవి పెట్టి విన్నంత చేయడం మోసం ఎలా అవుతుందండీ? ఎక్కడ గీత గీస్తారు?

గరిటె_తిరగేసి
అదే చేప చప్పుడుని పెంచితే నాకు అభ్యంతరం లేదు. ఇంకో వస్తువు చప్పుడైతే ఉంది. నా గీత అక్కడ.

సైలెంట్_మోడ్
అందరూ చప్పుడు చప్పుడు అంటున్నారు. నేను బస్సులో చూస్తాను వీడియోలన్నీ, సౌండ్ ఎప్పుడూ ఆన్ చేయను. నాలాంటివాళ్ళకి ఆ నాలుగు సెకన్లు ఒక చెంచా చేపని కొడుతున్న మూగ సినిమా.

మాటల_మూట
ఇది నేను పూర్తిగా మరిచాను, మంచి దెబ్బ. తెర మీద పెద్ద అక్షరాల్లో "టక్" అని, చెంచా తగిలిన ప్రతిసారీ పడాలి. అక్షరం చప్పుడుతో పాటే రావాలి, ముందు రాకూడదు. గొంతు చెప్పే మాటలన్నీ తెర మీద రాయొద్దు, చివరి రెండు చాలు: "డబ్బాలో నాలుగు నిమిషాలే. పార్సిల్ ఇవ్వం." ఇంకా ఆ పైపొర చెంచా కింద చిట్లడం కంటికి కనపడాలి. మూడో దెబ్బకి చిట్లనివ్వండి, లోపలి ఆవిరి బయటికి వస్తుంది. సౌండ్ లేకపోయినా అర్థమవుతుంది.

తెరచాటు
ఆవిరి మాత్రం కెమెరాకి అంత తేలిగ్గా దొరకదు. వెనక నల్లగా ఉండాలి, వెలుగు వెనక పక్క నుంచి పడాలి. ఎదురుగా లైట్ వేస్తే ఆవిరి మాయం.

మాటల_మూట
తెరచాటు గారూ, ఇది ముందే చెప్పాల్సింది మీరు.

నిప్పుకణిక
ఇంట్లో గొడవ మొదలైంది. బావకి స్క్రిప్ట్ నచ్చింది, "పార్సిల్ ఇవ్వం" మాత్రం నచ్చలేదు. ఈ చేప రోజుకి నాలుగైదు పార్సిళ్ళు పోతున్నాయి. వాటిని ఎందుకు పోగొట్టుకోవాలి, "పార్సిల్‌లో ఈ చప్పుడు రాదు" అంటే సరిపోతుంది కదా అంటున్నాడు.

పదం_పిచ్చి
సరిపోదు. "రాదు" అంటే సమాచారం. "ఇవ్వం" అంటే పంతం. నమ్మేది పంతాన్నే.

గరిటె_తిరగేసి
పంతం సినిమాలో బాగుంటుంది, అద్దె కట్టేటప్పుడు కాదు. నేనైతే బావగారి వైపే. నెల రోజులు "రాదు" అని నడిపి చూడండి.

మాటల_మూట
రెండింట్లో ఏదైనా పనిచేస్తుంది. చేయకూడనిది ఒకటే: వీడియోలో "ఇవ్వం" అని చెప్పి, ఫోన్ చేసినవాళ్ళకి కట్టి పంపడం. ఆపితే ఈ ఒక్క వంటకానికే ఆపండి, మిగతావన్నీ మామూలుగా పంపండి. ఆ నాలుగైదు పార్సిళ్ళ లెక్క మాత్రం మీరే వేసుకోవాలి, దానికి నా దగ్గర జవాబు లేదు.

నిప్పుకణిక
షూటింగ్ అయింది. మొదటి చేప జాలీకి అంటుకుంది, కెమెరా కోసం తొందరపడి లాగాం. రెండోది బాగానే వచ్చింది, లైట్ సర్దేలోపు పదకొండు నిమిషాలు అయింది, చెంచా తడితే దిండు మీద కొట్టినట్టుంది. మూడోది నేనే గట్టిగా కొట్టి మొదటి దెబ్బకే చిట్లగొట్టాను. నాలుగో చేపకి కుదిరింది. ఫ్రిజ్ ఆపి హాల్లో తీశాం. టక్, టక్, మూడోదానికి చిట్లి ఆవిరి. చిప్స్ అవసరం పడలేదు. కత్తెర_బల్ల గారు చెప్పినట్టు అదే చప్పుడుని కొంచెం పెంచాం, గరిటె గారు ఒప్పుకున్నంత వరకే.

రద్దీలో మూత పెట్టడం మానేశాం. దాంతో ఆదివారం రెండు టేబుళ్ళు పావుగంట ఎక్కువ కూర్చోవాల్సి వచ్చింది, ఒకాయన విసుక్కున్నాడు.

ఈ చేప పార్సిల్ ప్రస్తుతానికి ఆపాం. బావ మాత్రం ఊరుకోలేదు. డబ్బా మూతకి కన్నాలు పొడిచి, అడుగున చిన్న జాలీ పెట్టి, నిన్న రాత్రి మళ్ళీ చెంచా పట్టుకుని కూర్చున్నాడు. ఆరు నిమిషాలు వచ్చిందట. ఇప్పుడు స్క్రిప్ట్‌లో నాలుగు తీసి ఆరు పెట్టాలా?

పదం_పిచ్చి
పెడితే ఒక అక్షరం తగ్గుతుంది.

మాటల_మూట
మీరు ఏ డబ్బా వాడితే దాని అంకె చెప్పండి. బావగారు ఎనిమిదికి తెస్తే మాత్రం ముందు నాకు కబురు చేయండి, స్క్రిప్ట్ మొత్తం తిరగరాయాలి.